సారుకు జీతమెంతమ్మా?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని వెనకాలే విడిభాగాలు చేసే కొరియన్ కంపెనీలు చుట్టుపక్కల చాలానే వచ్చాయి. అలాంటి ఒకదాంట్లో నేను ఇంటర్‌ప్రెటర్‌ని. ఐడీ కార్డు మీద ఆ మాటే ఉంటుంది గానీ షాప్‌ఫ్లోర్‌లో అందరికీ నేను ట్రాన్స్‌లేటర్ మేడాన్ని. పెద్దవాళ్లకైతే ఉత్త "అమ్మా". మాది హిందూపురం. కొరియన్ చెన్నైలో నేర్చుకున్నాను, టోపిక్ పరీక్షలో ఆరు లెవెల్స్ ఉంటే నాలుగోది దాటాను.

ఉద్యోగంలో చేరేటప్పుడు డై, ప్రెస్, బర్, టార్క్, టాలరెన్స్ లాంటి మాటలకు కొరియన్‌లో ఏమంటారో ఒక నోట్‌బుక్ నిండా రాసుకుని వెళ్లాను. మిషన్ దగ్గర ఆ నోట్‌బుక్ బాగానే పనికొచ్చింది. అసలు టెన్షన్ టీ టైంలో మొదలైంది. కొరియా నుంచి కొత్త మనిషి ఎవరు దిగినా, గ్లాసు చేతికి అందేలోపే మావాళ్ల నుంచి మూడు ప్రశ్నలు వచ్చేస్తాయి: ఎన్నేండ్లు, పెండ్లయిందా, జీతమెంత. అవతలి నుంచి కూడా దాదాపు అంతే వేగంగా వస్తాయి, కాకపోతే జీతం ఉండదు, వయసు మాత్రం రెండుసార్లు ఉంటుంది. ఈ ప్రశ్నలు మాటకు మాట మార్చడం మొదటి ఏడాది కోర్సు చదివినవాళ్లకైనా వస్తుంది. వినేవాడి ముఖం మారకుండా మార్చడం మాత్రం ఏ కోర్సులోనూ లేదు.

నాకు పని నేర్పిన సీనియర్ చెన్నై వైపు ఆటోమొబైల్ కంపెనీల్లో చాలాకాలం చేసి వచ్చిన మనిషి. ఆయన మొదట్లోనే ఒక మాట చెప్పారు. "ప్రశ్నలో ఉన్న మాటలు తర్వాత చూద్దువు గానీ, అడిగినవాడు దాన్ని ఎంత బరువుతో అడిగాడో ముందు చూడు. తేలిగ్గా అడిగింది తేలిగ్గానే చేరాలి." నేను కొరియన్‌లో మర్యాదకు కొదవ లేదు కదా, దట్టంగా దట్టించేస్తే ఎవరికీ నొప్పి ఉండదని అనుకునేదాన్ని. కొరియన్‌లో "షిల్లేజిమన్" అని ఒక మాట ఉంది, "అడగడం మర్యాద కాదేమో గానీ" అని అర్థం. ప్రతి ప్రశ్న ముందూ దాన్ని తగిలిస్తే ఏమవుతుందో వేరే కంపెనీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాట్లాడుతుంటే పక్కన నిలబడి చూశాను. మా ఆపరేటర్ నవ్వుతూ "పెండ్లీ గిండ్లీ అయ్యిందా సార్?" అన్నాడు. ఆమె షిల్లేజిమన్‌తో మొదలుపెట్టి, నిండు గౌరవవాచకాలతో, తల కొంచెం వంచి అడిగింది. కొరియన్ ఇంజనీర్ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి నిటారుగా కూర్చున్నాడు. ఒక్క క్షణం ఆపరేటర్ వైపు చూసి, "ఏదైనా సమస్యా?" అని ఆమెనే అడిగాడు. అంత క్షమాపణ చెప్పి అడిగారంటే వెనక ఏదో పెద్ద విషయం ఉండాలని అనుకోవడంలో అతని తప్పేమీ లేదు.

"పెండ్లీ గిండ్లీ" అన్నప్పుడు ఆ "గిండ్లీ" చేసే పనే వేరు. అది ప్రశ్నను పలచన చేస్తుంది, "చెప్పకపోయినా పర్లేదు, ఊరికే మాట కలిపాను" అని చెబుతుంది. కొరియన్‌లో గిండ్లీ లేదు. కానీ వాక్యం చివర "-గోయో" అని తగిలించి, ఏదో మాట వరసలో గుర్తొచ్చినట్టు అడిగే పద్ధతి ఉంది. "క్యొరొనన్ హాషొత్‌కోయో?" అంటే సుమారుగా "పెళ్లి అదీ అయినట్టేనా మరి?" అని. గౌరవం ఉంటుంది, బరువు ఉండదు. మా సీనియర్ ఎక్కువగా వాడేది అదే, ఇప్పుడు నేనూ అదే.

వయసు సంగతి ఇంకాస్త లోతుగా చెప్పాలి, ఎందుకంటే రెండు వైపులా అడిగే ప్రశ్న ఒకటే అయినా అడిగే కారణం ఒకటి కాదు. కొరియన్‌కి ఎదుటి మనిషి వయసు తెలియకపోతే క్రియాపదం చివర ఏం పెట్టాలో తేలదు. తనకన్నా పెద్దవాడా, చిన్నవాడా, తోటివాడా అన్నది తేలితేనే మాట ముడిపడుతుంది. మనకూ "నువ్వు", "మీరు" ఉన్నాయి గానీ తెలియనప్పుడు "మీరు" అనేసి రోజంతా గడిపేయొచ్చు. వాళ్లు కూడా పరిచయం లేనప్పుడు గౌరవరూపంలోనే మాట్లాడతారు. అయితే చనువు పెరగాలన్నా, ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో తేలాలన్నా ఒక్క ఏడాది తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే వాళ్లు వయసు కన్నా "ఏ సంవత్సరంలో పుట్టారు?" అని అడగడం ఎక్కువ. ఆ ప్రశ్నను మా లైన్‌లో కుర్రాడికి ఉన్నదున్నట్టు "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?" అని చెబితే వాడు జేబులోంచి ఆధార్ కార్డు తీస్తాడు, నిజంగానే తీశాడు. హెచ్ఆర్ వాళ్లు ఏదో ఫారం నింపుతున్నారనుకున్నాడు పాపం. అప్పటి నుంచి తెలుగులోకి "నీది ఏ బ్యాచ్ తమ్ముడూ, టెన్త్ ఎప్పుడు?" అని అంటున్నాను. పుట్టిన సంవత్సరం దాన్నిబట్టి తెలిసిపోతుంది, అడిగిన తీరు కూడా కబుర్లలాగే ఉంటుంది. టెన్త్ తప్పిన వాళ్లుంటారు కాబట్టి మనిషిని బట్టి "ఏ సంవత్సరం పుట్టుక నీది?" అనీ అంటుంటాను. అందులో పుట్టుక అనే మాటే దాన్ని ఫారం నుంచి అరుగు మీదికి తెస్తుంది.

అడిగే రూపాలు కొరియన్‌లో ముఖ్యంగా మూడు. పిల్లల్ని, బాగా చిన్నవాళ్లని "మ్యొత్ సారియా?" అంటారు, అది మన "నీకెన్నేళ్లు?". తోటివాళ్లని, కొంచెం పెద్దవాళ్లని "నాయిగా ఒత్తొఖె త్వేసెయో?" అంటారు. మాటకు మాట చూస్తే "వయసు ఎలా అవుతుంది?" అని వస్తుంది, మనకు అదేం ప్రశ్నో అర్థం కాదు. పేరు అడిగినా, ఫోన్ నంబర్ అడిగినా ఇదే తీరు, "ఎంత", "ఏమిటి" అని సూటిగా గుచ్చకుండా పక్కనుంచి వస్తారు. బాగా పెద్దవాళ్ల దగ్గర "నాయి" అనే మాటే మారి "యొన్సె" అవుతుంది. తెలుగులో వయసుకు అలాంటి గౌరవ పదం మామూలు మాటల్లో లేదు. మనం ఆ పనిని క్రియతో చేయిస్తాం. "మీకు ఎన్నేళ్లు?" అంటే లెక్క చెప్పమన్నట్టు ఉంటుంది. "మీకు ఎన్నేళ్లుంటాయి సార్?" అంటే అంచనా చెప్పినా చాలన్నట్టు. ఆ "ఉంటాయి"లో తప్పించుకునే దారి ఉంది, "యాభై దాటినాయి లేమ్మా" అనేస్తే సరిపోతుంది. వాళ్ల "ఒత్తొఖె త్వేసెయో", మన "ఉంటాయి" ఒకదానికొకటి బాగా కుదిరే జంట. ఇది పట్టుకున్నాక నాకు సగం పని తేలికైంది.

ఇక తప్పకుండా జాగ్రత్తపడాల్సింది "మీ" దగ్గర. "మీ వయసు" అని మనం అంటాం కాబట్టి కొత్తవాళ్లు నిఘంటువులో "మీరు"కు ఏముందో వెతికి "తంగ్‌షిన్" పెట్టేస్తారు. ఎదుటి మనిషిని, అందులోనూ పై అధికారిని, ఆ మాటతో పిలిస్తే పోట్లాటకు దిగినట్టే వినిపిస్తుంది. కొరియన్‌లో హోదా చెప్పి చివర "నిమ్" తగిలిస్తారు. చాజంగ్ అనే మేనేజర్ హోదా ఉంటే "చాజంగ్‌నిమ్". మా ఫిట్టర్ "మీకు" అనడు, "సారుకు" అంటాడు, అంటే ఆయన మాట అప్పటికే సగం కొరియన్ పద్ధతిలోనే ఉంది. దాన్ని "మీరు"గా మార్చుకుని మళ్లీ కొరియన్‌లోకి వెళ్లడం అనవసరం.

వచ్చిన జవాబులోనూ మెలిక ఉంది. కొరియాలో పుట్టగానే బిడ్డకు ఒక ఏడు లెక్కేసి, జనవరి 1 రాగానే అందరికీ ఒక్కో ఏడు కలిపేవాళ్లు. డిసెంబర్ 31న పుట్టిన పాపకు మర్నాటికి రెండేళ్లు. 2023 జూన్ 28 నుంచి అధికారిక వ్యవహారాల్లో పుట్టినరోజు లెక్కే అని చట్టం చేశారు గానీ, నోటిమాటలో పాత లెక్క అంత సులువుగా పోదు. అందుకని కొంతమంది "మన్" అని ముందు చేర్చి చెబుతారు. మన్ అంటే నిండటం. ఈ సంగతి తెలుగువాళ్లకు విప్పి చెప్పాల్సిన అవసరమే లేదు, మనకు "నలభై నిండినాయి", "నలభై ఒకటి నడుస్తాంది" రెండూ ఉన్నాయి. చాజంగ్‌నిమ్ "మన్ 44" అంటే "44 నిండినాయి" అంటాను, అందరూ తలూపుతారు. ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే దీనికి మూడు వాక్యాలు కావాలి.

మావైపు నుంచి వచ్చే మెలిక సర్టిఫికెట్ వయసు. "రికార్డులో యాభై రెండు, అసలుకు యాభై ఐదు" అని మా ఫిట్టర్ చెప్పినప్పుడు దాన్ని కొరియన్‌లో ఎలా చెప్పినా దొంగ సర్టిఫికెట్ వాసన వస్తుందేమోనని భయపడ్డాను. ఆయన్ని బడిలో వేసిన రోజు అయ్యవారు తోచిన తేదీ రాసుకున్నారు, అంతే సంగతి. కొరియాలోనూ పాత తరంలో పుట్టుక నమోదు ఆలస్యంగా చేయించిన వాళ్లు చాలామంది. 2008 దాకా ఉన్న కుటుంబ రిజిస్టర్‌ను హొజొక్ అంటారు, "హొజొక్ వయసు వేరు, అసలు వయసు వేరు" అనడం వాళ్ల పెద్దవాళ్ల నోట మామూలే. నేను "హొజొక్‌లో 52" అన్నాను. చాజంగ్‌నిమ్ పకపకా నవ్వి, వాళ్ల నాన్నదీ అంతే, రెండేళ్లు తక్కువ రాయించారని చెప్పాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ టీ దగ్గర కలిసే నిలబడతారు, నేను లేకపోయినా సైగలతో నడిపించుకుంటారు.

అదే ఫిట్టరు, అదే చాజంగ్‌నిమ్ మధ్య జీతం ప్రశ్న వచ్చింది. "సారుకు జీతమెంతొస్తాదో అడుగమ్మా" అన్నాడు. మనలో ఇది గుచ్చి అడగడం కాదు. బస్సులో పక్క సీటాయన కూడా అడుగుతాడు, చెబితే "పర్లేదు, బాగానే ఉంది" అంటాడు. కొరియన్లకు వయసు, పెళ్లి చెప్పుకోవడానికి పెద్ద ఇబ్బంది ఉండదు గానీ జీతం దగ్గర నోరు కట్టేసుకుంటారు. ఒకే కంపెనీలో పక్కపక్కన కూర్చునేవాళ్లు కూడా ఒకరిదొకరు అడగరు. అలాగని ప్రశ్నను మింగేసి "వాతావరణం ఎలా ఉందని అడుగుతున్నాడు సార్" అనలేను. అది నా పని కాదు, పైగా ఫిట్టరుకు "జీతం" అనే మాటకు నేనేం చెప్పానో తెలియకపోయినా, వచ్చిన జవాబు చూస్తే తెలిసిపోతుంది. నోటికొచ్చినట్టు సున్నితం చేసి అర్థాన్ని మార్చడానికీ లేదు.

కాబట్టి వెనక్కి తిరిగి ఆయన్నే అడిగాను. "ఎందుకన్నా, ఏమన్నా పనుందా?" అని. ఈ ఒక్క ప్రశ్న నాకు చాలాసార్లు దారి చూపించింది. "ఏం లేదమ్మా, మా పిల్లోడు డిప్లొమా సేసినాడు. ఈ పని ఆ దేశంలో సేస్తే ఏమాత్రం వస్తాదో అని" అన్నాడు. "అయితే సారుది కాకుండా, అక్కడ టెక్నీషియన్‌కి ఎంతొస్తుందని అడగనా?" అంటే "అట్లే అడుగు, అదే గదా నాక్కావాల" అన్నాడు. మార్చింది నేను కాదు, ఆయనే. నేను కొరియన్‌లో ముందు కొడుకు సంగతి చెప్పి, ఆ తర్వాత "అక్కడ జీతం ఏపాటి ఉంటుందో అని…" అన్నట్టుగా వాక్యాన్ని పూర్తి చేయకుండా వదిలేశాను. కొరియన్‌లో ఇలా సగంలో ఆపేసిన వాక్యం అసంపూర్తి కాదు, ఎదుటివాడికి ఇచ్చే చోటు. ఇంకొకటి, "ఆయన అడగమంటున్నారు" అని కూడా చేర్చాను. మామూలుగా ఇంటర్‌ప్రెటర్ మాట్లాడేవాడి గొంతుతోనే మాట్లాడాలి, "ఆయన అంటున్నారు" అనకూడదు. కానీ అనుభవంలో తేలిందేమిటంటే, షాప్‌ఫ్లోర్‌లో ఇలాంటి చోట చిన్నవాడు పెద్దవాణ్ణి అడుగుతున్నట్టు చెప్పే "యొచ్చొబొదా" అనే క్రియ వాడితే ప్రశ్నకు అణకువ వస్తుంది. మన "అడిగి తెలుసుకుందామని" లాంటిదది.

చాజంగ్‌నిమ్ ఇబ్బందిపడలేదు. పదేళ్ల అనుభవం ఉన్న టెక్నీషియన్‌కి "ఓచొన్‌మన్" దాకా ఉండొచ్చన్నాడు. ఇక్కడ అసలు గండం. ఓచొన్‌మన్ అంటే ఐదువేల పదివేలు. వాళ్లు పదివేలను ఒక గంపగా లెక్కపెడతారు. మన లెక్కలో అది అయిదు కోట్ల వొన్. "అయిదు కోట్లు" అనే మాట నా నోట్లోంచి వస్తే ఆ తర్వాత "వొన్" ఎవరికీ వినపడదు, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అప్పటి మారకం రూపాయికి దాదాపు 16 వొన్లు, అంటే సుమారు 31 లక్షల రూపాయలు. అంతటితో అయిపోలేదు. కొరియన్లు జీతమంటే ఏడాదికి, పన్ను కోయకముందు లెక్క చెబుతారు. మావాళ్లకు జీతమంటే నెలకు చేతికొచ్చేది. ఏమీ చెప్పకుండా 31 లక్షలు అంటే ఆయన నెలకనే అనుకుంటాడు. అందుకే చాజంగ్‌నిమ్‌ని అడిగి రూఢి చేసుకుని, "ఏడాదికి సుమారు 31 లక్షలు, నెలకు రెండున్నర లక్షల పైచిలుకు, అందులో పన్నూ అదీ పోతుంది, అక్కడ ఇంటద్దె కూడా బాగా ఎక్కువంటున్నారు" అన్నాను. "ఓహో" అని ఫిట్టరు చాలాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు.

ఇక కొరియన్ నుంచి తెలుగులోకి వచ్చే ప్రశ్నల్లో నాకు కష్టమైనది పెళ్లి, ముఖ్యంగా లైన్‌లో పనిచేసే ఆడపిల్లల్ని అడిగేది. యాభై దాటిన ఒక మేనేజర్, మనసులో ఏమీ లేని మనిషి, క్వాలిటీ చెకింగ్‌లో ఉన్న అమ్మాయిని చూసి "షిజిప్ వెళ్లాలి కదా" అన్నాడు. షిజిప్ అంటే అత్తారిల్లు. తెలుగులో "అత్తారింటికి ఎప్పుడు?" అంటే మాటకు మాట సరిగ్గా సరిపోతుంది, ఇంతకన్నా చక్కటి అనువాదం దొరకదు. అయినా నేను అలా అనలేదు. మన దగ్గర ఆ మాట మేనత్తో, పక్కింటి పెద్దమ్మో అనేది. దాన్లో ముద్దు ఉంది, చనువు ఉంది. కొరియాలో ఈ రోజుల్లో అది పాతకాలపు మాట, ఆడపిల్లను ఉద్యోగంలో చూసి అనేదైతే ఇంకా మొరటు. తెలుగులో మేనత్త గొంతు పెడితే మేనేజర్‌కి లేని చనువు నేను అంటగట్టినట్టు. మొరటుగా పెడితే ఆయన ఉద్దేశం కానిది చెప్పినట్టు. నేను "సార్ నీ పెళ్లి సంగతి అడుగుతున్నారు, ఎప్పుడనుకుంటున్నావు అని" అన్నాను. "తమ్ముడి చదువు అయినంక" అంది ఆ పిల్ల, చూపు గేజ్ మీంచి తీయకుండా. అదే చెప్పాను. ఆయన "మంచి అక్క" అన్నాడు.

"బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా?" అన్నది మాత్రం వేరు. అది నాలుగైదుమంది ముందు పెనుకొండ పక్క పల్లె నుంచి వచ్చిన పిల్లను తెలుగులో అడిగితే, ఆ మాట సాయంత్రం ఆటోలో ఆమెతోపాటే ఊరికి చేరుతుంది. అడిగినాయనకే కొరియన్‌లో చెబుతాను: "ఇది ఇక్కడ ఆమెకు ఇబ్బంది తెస్తుంది, అడగమంటారా?" అని. ఇప్పటిదాకా "వద్దులే" అనని వాళ్లు లేరు. ఆయన మాటను దాచలేదు, మార్చలేదు, ఆయన చేతికే తిరిగి ఇచ్చాను.

కొరియన్ కుర్ర ఇంజనీర్లు వేరే లోకం. వాళ్లకు పండక్కి ఇంటికెళితే బంధువులు అడిగే పెళ్లి, జీతం ప్రశ్నలంటేనే ఒళ్లుమంట. ఒక్కో ప్రశ్నకు ఇంత సొమ్ము చెల్లించి అడగండి అంటూ హోటల్ మెనూలాగా ధరల పట్టీ తయారు చేసి నవ్వుకుంటారు. పైగా 2019 జూలై నుంచి అక్కడ ముప్ఫైమంది, ఆపైన పనిచేసే కంపెనీలు ఉద్యోగానికి వచ్చినవాళ్లను దరఖాస్తులో పెళ్లయిందా లేదా అని రాయమనకూడదు, రాయమంటే జరిమానా. అలాంటి కుర్రాడు విమానం దిగిన మొదటి రోజే నేను ముందుగా చెప్పి పెడతాను. "గంటలోపు మూడు ప్రశ్నలు వస్తాయి. మనిషిని కలుపుకోవడానికి అడిగేవి, ఎవరూ రాసుకోరు. జీతానికి 'సరిపోతుంది' అంటే చాలు, మళ్లీ అడగరు" అని. ఒకడు ఆ మాట తెలుగులోనే నేర్పమన్నాడు. ఎవరు ఏమడిగినా "సరిపోతాది అన్నా" అంటాడు, వయసు అడిగినా సరే.

మా వైపు నేను ఆపేది ఒక్కటే, రెండో ప్రశ్నను. "పెండ్లయిందా?" వరకు ఎవరినైనా అడుగుతాను. ముప్ఫై ఎనిమిదేళ్ల కొరియన్ ఇంజనీర్ "ఇంకా లేదు" అంటాడు. వాళ్ల "అజిక్", మన "ఇంకా", ఇద్దరికీ చేసుకునే ఉద్దేశం ఉన్నా లేకపోయినా ఆ మాట వచ్చేస్తుంది. వెంటనే మా వాళ్లు "ఎందుకు కాలేదంట? సంబంధాలు సూస్తాలేరా?" అంటారు. అప్పుడు నేను తెలుగులోనే "అది ఆయన్ని నువ్వే కొరియన్ నేర్చుకుని అడుగన్నా" అంటాను. ఇంజనీర్ ఏమన్నారని అడిగితే, "ఇంకా ఎందుకు కాలేదని అడగబోయారు, నేను ఆపాను" అని ఉన్నదే చెబుతాను. దాంతో ఆ ప్రశ్న నా మీదికి తిరుగుతుంది. నాకూ పెళ్లి కాలేదు. రెండు భాషల్లోనూ అడుగుతారు, అప్పుడు అనువాదం అక్కర్లేదు.